బెంగాలీ పాడిన చారల పిట్టలు

హన్మమ్మ పదిహేడో ఏట, కన్నడ సరిహద్దులో నాగల్‌గిద్ద అవతలి పల్లె నుంచి పెళ్లయి ఖేడ్‌కు వచ్చింది. అప్పుడు ఆమె నోట్లో సగం తెలుగు, సగం కన్నడం. బోరింగు దగ్గర బిందె పట్టుకుని నిలబడి ఎందుకు తోస్తారని అడగబోయి "యాకె తోస్తరు?" అంటే, చుట్టూ ఉన్న ఆడవాళ్లు బిందెలు కింద పెట్టుకుని మరీ నవ్వేవాళ్లు. ఆమె రోషం గల మనిషి. ఏడాది తిరిగేసరికి ఖేడ్ మాట మొత్తం పట్టేసింది. యాస మాత్రం పట్టుబడలేదు. ఇప్పుడు యాభై ఆరేండ్లు వచ్చినా, రెండు ముక్కలు మాట్లాడితే చాలు, "అవ్వా, మీది బార్డర్ దిక్కా?" అని ఆటోవాళ్లు కూడా అడుగుతారు.

పప్పు మిల్లులో ఇరవై రెండేండ్లు కూర్చుని కందులు ఏరింది. మోకాళ్లు పట్టేశాక డాక్టరు కూర్చునే పని మానమన్నాడు. ఇంట్లో ఊరికే ఉండలేక అందరితో తగవు పెట్టుకుంటుంటే, చూసి చూసి కొడుకు వీరేశ్ బీదర్ నుంచి ఒక పంజరంలో రెండు జతల పిట్టల్ని తెచ్చిచ్చాడు. వీరేశ్ మనూర్ రూటులో ఆటో నడుపుతాడు, ఇంట్లో శాంతి విలువ తెలిసినవాడు. ఆరేండ్లు గడిచేసరికి వరండాలో పదకొండు పంజరాలయ్యాయి. జహీరాబాద్‌లో పిట్టల దుకాణం నడిపే జగదీశ్వర్ నెలకోసారి వచ్చి పిట్టపిల్లల్ని కొనుక్కుపోతాడు.

పిట్టలు రెండు రకాలు. ఒకటి చారల పిట్ట, దుకాణంవాళ్లు జీబ్రా అంటారు. మగదానికి ఎర్ర ముక్కు, నారింజ బుగ్గలు, మెడ కింద నల్ల చారలు. పాట చిన్నది, ముక్కుతో పాడినట్టు ఉంటుంది. సంతలో అమ్మే రబ్బరు పీపీని ఎవరో ఆగకుండా నొక్కుతున్నట్టు, ఉన్న ఒక్క ముక్కనే మళ్లీ మళ్లీ పాడుతుంది. రెండోది బెంగాలీ పిట్ట. మట్టి రంగు, తెల్ల మచ్చలు, మెత్తటి స్వభావం. లోలోపల గొణుక్కుంటున్నట్టు గరగరమని, కలకలమని, వరసలు మార్చి మార్చి పాడుతుంది. రెండింట్లోనూ పాడేది మగదే. ఆడది ఊరికే పిలుస్తుంది, వింటుంది.

"మా ఇంట్ల ఉల్టా," అనేది హన్మమ్మ. ఆమె భర్త మల్లప్ప రోజంతా కలిపి పది మాటలు మాట్లాడతాడు. అందులో నాలుగు చాయ్ గురించే.

ఆ ఎండాకాలం చివర జగదీశ్వర్ ఫోన్ చేసి, హైదరాబాద్‌లో పిట్టల పాట మీద చదువు చదివే ఒక అమ్మాయికి చారల మగపిట్టలు కావాలంటున్నదని చెప్పాడు. "తల్లిదండ్రుల దగ్గర పెరిగినయే కావాల్నట. చేత్తో పెంచినయి వద్దట." హన్మమ్మ సరేనంది. చేత్తో తినిపించే ఓపిక ఆమెకు ఎటూ లేదు.

అయితే ఆ ఇంట్లో అప్పుడు చారల జత ఒక్కటే ఉంది, అదీ మతిలేని జత. మగది గూట్లో గడ్డి పీకి బయట పడేసేది, గడ్డితో పాటు గుడ్డు కూడా జారేది. ఆడది రెండు రోజులు పొదిగి మూడో రోజు కడ్డీ మీద కూర్చుని ఊగేది. దాంతో హన్మమ్మ గుడ్లు తీసి బెంగాలీ జత కింద పెట్టింది. పిట్టలు పెంచేవాళ్లంతా చేసే పనే ఇది. బెంగాలీవి ఎవరి గుడ్డయినా పొదుగుతాయి, ఎవరి పిల్లకైనా మేత పెడతాయి. రెండో ఈత గుడ్లు కూడా వాటి కిందికే చేర్చి, గుడ్లు పారేసే ఆ తండ్రిని బోరంచ తొవ్వలో చాయ్ హోటల్ నడిపే బసవరాజ్‌కు ఇచ్చేసింది.

మొదటి ఈత పిల్లలు నాలుగు నెలలవయ్యాక, జగదీశ్వర్ చెప్పిన ఆ చదువుల అమ్మాయి సుహాసిని వచ్చింది. ఇరవై ఏడేండ్ల అమ్మాయి, భుజాన పెద్ద సంచి, చేతిలో రికార్డు చేసే మిషను. వరండాలో మోకాళ్ల మీద కూర్చుని, చెవుల్లో వైర్లు పెట్టుకుని అరగంట విన్నది. హన్మమ్మ చాయ్ పెట్టి తెచ్చేసరికి ఆ అమ్మాయి ముఖం, ఒకరి పెళ్లికని పోయి ఇంకొకరి పెళ్లిలో తిన్న మనిషి ముఖంలా ఉంది.

"అవ్వా, ఇవి చారల పిట్టలేనా?"

హన్మమ్మ చాయ్ కింద పెట్టింది. "కండ్లకు కనవడ్తలేదా? చారలున్నయ్. ఎర్ర ముక్కున్నది. ఇంకేం గావాలె, ఆధార్ కార్డా?"

"రంగు సరిగనే ఉన్నది. పాట చారల పిట్టది కాదు. బెంగాలీ పాట పాడుతున్నయ్."

హన్మమ్మ చెవి పెట్టి విన్నది. ఆరేండ్లుగా పదకొండు పంజరాల రొద కలగలిపి వినే ఆమె, ఒక్కో పిట్టను విడిగా వినడం అదే మొదలు. ఎర్ర ముక్కు పిట్ట మెడ సాచి, చారలు ఉబ్బించి, నోరు తెరిచి గరగరమని గొణిగింది. సందేహం లేదు. అచ్చం పక్క పంజరంలోని మట్టిరంగు దాని పాటే, గొంతు కొంచెం మారింది అంతే.

"ఇవి ఎవరి దగ్గర పెరిగినయ్?" అని సుహాసిని అడిగింది.

గుడ్ల సంగతి బయటపడింది. సుహాసిని తల పట్టుకుంది గానీ కోపం చేయలేదు. మెల్లగా కూర్చుని చెప్పింది. పాట గుడ్డులో రాదట, నేర్చుకోవాలట. పిల్ల మొదట పెద్ద మగపిట్టను వింటుంది, ఆ పాటను మనసులో పెట్టుకుంటుంది. నెల దాటాక, చిన్నపిల్లలు ఊ, ఆ అన్నట్టు, ఏదో ఒకటి గుణుస్తుంది. తన గొంతు తనే విని, మనసులో ఉన్నదానితో సరిచూసుకుంటూ దిద్దుకుంటుంది. మూడు నెలలకు పాట గట్టిపడిపోతుంది. చారల పిట్టకు ఆ తర్వాత ఇంకో పాట రాదు, బతికినన్నాళ్లూ అదే.

హన్మమ్మ నమ్మలేదు. "గట్లెట్ల? అసలు తండ్రి గక్కడ్నే ఉండె గదా. ఆరడుగుల దూరంల పొద్దంత మొత్తుకుంటుండె. ఇవి ఇనలేదా?"

"విన్నయ్ అవ్వా. కానీ దగ్గర ఉండి, మేత పెట్టి, పక్కన కూర్చున్నది ఎవరో వాళ్ల దగ్గరనే నేర్చుకుంటయ్."

మల్లప్ప మంచం మీద నుంచి లేచి, పంజరం దగ్గరికి వచ్చి, పిట్టను కాసేపు చూశాడు. "మాట మనోళ్లది గాదు," అన్నాడు. అది ఆ రోజుకు అతని ఐదో మాట.

హన్మమ్మకు అవమానంగా ఉంది. సరుకు బాగాలేదని మిల్లులో కూడా ఆమెను ఎవరూ అనలేదు. రెండో ఈత పిల్లలు ఎనిమిది ఉన్నాయి, నెల దాటి రెండు రోజులు. ముక్కులింకా నల్లగానే ఉన్నాయి, ఏది మగదో ఏది ఆడదో తెలియదు. "ఇవి ఇంకా నోరు తెరవలే. వీటికి సరైన పాట నేర్పిస్త. మూడు నెల్లకు రా," అంది.

సుహాసిని వంగి పిల్లల ముక్కులు చూసింది. "ఇప్పుడే మొదలుపెడితే వస్తుంది. జల్దీ చేయాలి."

ఆమె బస్సెక్కాక హన్మమ్మ పని మొదలుపెట్టింది. పిల్లలు తమంతట తాము గింజలు కొట్టుకుని తింటున్నాయి కాబట్టి బెంగాలీల నుంచి విడదీసి వెనక గదిలో పెట్టింది. చారల పాట పాడే మగపిట్ట ఇంట్లో లేదు. అయితేనేం, ఫోన్ ఉంది. కోడలు సంతోషితో చారల పిట్ట పాట వెతికించి, ఫోన్‌ను పంజరానికి కట్టి పొద్దున నుంచి చీకటి పడేదాకా మోగించింది.

ఆ ఇంట్లో అప్పటికే ఒక ఫోన్ పాఠం నడుస్తోంది. సంతోషి కూతురు రోజకు మూడేండ్లు. పగలంతా నానమ్మ చంకలోనే పెరిగింది. అంగన్‌వాడీలో స్వరూపరాణి టీచరు "నీ పేరేంది బిడ్డా?" అని అడిగితే తెలియదని కన్నడంలో "గొత్తిల్ల" అని జవాబు చెప్పిందట. గుడ్డు తింటవా అంటే, వద్దని "బ్యాడ" అన్నదట. ఆ మాటలు అర్థం కాని టీచరు, పాపకు వినికిడి లోపమేమో దవాఖానలో చూపించమని చెప్పి పంపింది. సంతోషిది జహీరాబాద్. నోట్లో తేనెలాంటి ఉర్దూ కలిపిన తెలుగు. అవమానం ఆమెకూ తగిలింది. మంచి తెలుగు రావాలని పాపకు ఫోన్‌లో పాటలు పెట్టి కూర్చోబెట్టడం మొదలుపెట్టింది. "అత్తమ్మా, కొన్ని రోజులు పాపతోని జర తక్కువ మాట్లాడుండ్రి," అని కూడా అంది. హన్మమ్మ ఆ మాట మింగింది గానీ అది అరగలేదు.

దాంతో ముందు గదిలో ఒక ఫోన్, వెనక గదిలో ఒక ఫోన్. పది రోజులు గడిచాయి. ముందు గదిలో రోజ నేర్చుకున్నది ఒక్కటే మాట. అన్నం ముద్ద నోటి దగ్గరికి తెస్తే చేయి ఊపి "స్కిప్" అంటుంది. వెనక గదిలో పిల్లపిట్టలు మొదటి రోజు ఫోన్ వైపు చూశాయి, రెండో రోజు దాని మీదెక్కి కూర్చున్నాయి, మూడో రోజు నుంచి పట్టించుకోవడం మానేశాయి. అప్పుడప్పుడు కండ్లు మూసుకుని సన్నగా గుణుస్తున్నాయి గానీ అందులో ఫోన్ పాట ముక్క కూడా లేదు.

ఆ పాట నేర్చుకున్నది మల్లప్ప ఒక్కడే. బర్రెకు గడ్డి వేస్తూ, ముఖం కడుక్కుంటూ, సంచి పట్టుకుని కూరగాయలకు పోతూ అచ్చం చారల పిట్టలా ఈల వేస్తున్నాడు. ఆగిన చోట ఆగుతున్నాడు, మొదలుపెట్టిన చోట మొదలుపెడుతున్నాడు. ముప్ఫై తొమ్మిదేండ్లలో అతను అంత మోత చేయడం హన్మమ్మ ఎరగదు.

"ఏమయ్యా, నీకు నేర్పిచ్చిన్నా నేను?" అని అడిగింది.

మల్లప్ప ఈల వేసి బయటికి పోయాడు.

హన్మమ్మ సుహాసినికి ఫోన్ చేసింది. "ఫోన్‌తోని వస్తలేదు బిడ్డా. నేర్సుకున్నది మా ముసలాయన."

అవతల చాలాసేపు నవ్వు వినిపించింది. తర్వాత సుహాసిని చెప్పింది, ఊరికే వినిపిస్తే చారల పిట్టలకు సరిగా పట్టుబడదు. ఎదురుగా కూర్చుని, కండ్లలోకి చూసి, తమ కోసం పాడే పిట్ట ఉండాలి. ఫోన్ పాపం పిల్ల వైపు తిరగదు, పిల్ల గుణిస్తే ఆగి వినదు. "నిజమైన పిట్టనే పెట్టండి అవ్వా. ఒక్కటి చాలు."

ఒక్కటి ఉన్నది బోరంచ తొవ్వలో.

బసవరాజ్ హోటల్లో ఆ గుడ్లు పారేసే తండ్రి పెద్ద పేరు తెచ్చుకుంది. గల్లా పక్కన పంజరం, పంజరానికి పూలదండ. నల్లపోచమ్మ గుడికి పోయేవాళ్లు ఆగి చాయ్ తాగుతూ దాని పాట వింటున్నారు. దాని పాటలో ఒక వంక ఉంది: పాట మొత్తం పాడాక చివర, ఎక్కిళ్లు వచ్చినట్టు చిక్-చిక్ అని రెండుసార్లు కొడుతుంది. జనం దానికే మురిసిపోతున్నారు.

"రెండు నెల్లు ఇయ్యి, మళ్ల తెచ్చిస్త," అంది హన్మమ్మ.

"ఏందక్కా, పెండ్లి సామాన్లు కిరాయికి అడిగినట్టు అడుగుతవ్," అన్నాడు బసవరాజ్. "గిరాకీ దీని మీదనే ఉన్నది."

"దీని బదులు దీని కొడుకునే తెచ్చిన. సూడు, అచ్చం గిట్లనే ఉంటది." ఆమె గుడ్డ కప్పిన పంజరం బల్ల మీద పెట్టింది. అందులో ఉన్నది బెంగాలీ పాడే నాలుగు నెలల పిట్ట. అది ఏం పాట పాడుతుందని బసవరాజ్ అడగలేదు, కాబట్టి ఆమె చెప్పలేదు. చారలు చూసి, బుగ్గలు చూసి అతను ఒప్పుకున్నాడు.

తండ్రిని తెచ్చి ఎనిమిది పిల్లల మధ్య వదిలింది. హన్మమ్మ స్టూలు వేసుకుని ఎదురుగా కూర్చుంది. గుడ్ల దగ్గర అంత నిర్దయగా ఉన్న పిట్ట, పిల్లల ముందు పంతులు లాగా మారిపోయింది. కడ్డీ మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూ పాడింది, చివర చిక్-చిక్. పిల్లలు ఒకదాన్నొకటి నెట్టుకుని దాని పక్కన చేరాయి. పాట మొదలవగానే గింజలు తినడం ఆపి, కదలకుండా కూర్చున్నాయి. ఫోన్ ముందు ఒక్కరోజు కూడా అట్లా కూర్చోలేదు.

నాలుగో రోజు బసవరాజ్ ఫోన్ చేశాడు. "అక్కా, గీ పిట్ట పాడుతలేదు, గొణుగుతుంది. గిరాకీలు ఒంట్ల బాగలేదా దీనికి అని అడుగుతుండ్రు."

"కొత్త జాగ. అలవాటైతది."

ఎనిమిదో రోజు మళ్లీ. "అక్కా, పరేషాన్ చేస్తుంది. ఒకాయన ఇది పిట్టనా, లోపల మిక్సీ పెట్టినవా అన్నడు."

హన్మమ్మకు అబద్ధం ఎక్కువ రోజులు మోయడం రాదు. ఆటోలో పోయి, చాయ్ తాగి, జరిగిందంతా చెప్పింది. బసవరాజ్ గ్లాసు కడగడం ఆపి విన్నాడు. "అంటే ఇది మనోళ్ల పిట్టనే గాని బెంగాలీ మాట్లాడుతది." రెండు రోజుల తర్వాత ఆమె అటు పోతే గల్లా మీద అట్టముక్క వేలాడుతోంది: బెంగాలీ మాట్లాడే పిట్ట ఇక్కడ ఉన్నది. జనం ముందుకన్నా ఎక్కువే ఉన్నారు. వీరేశ్ ఆటోలో ఎక్కినవాళ్లు కూడా అక్కడ దింపమంటున్నారట.

ఇంటి దగ్గర, రెండు నెలల వయసు వచ్చేసరికి పిల్లల్లో అయిదింటికి మెడ కింద చారలు మొలిచాయి, ముక్కులు ఎర్రబడ్డాయి. గుణుపు గట్టిపడింది. మొదట్లో అది పాట కాదు, నానబెట్టిన కొర్రలు నమిలినట్టు గొంతులో ఏదో ఆడించడం. ఒకరోజు ఒక ముక్క సరిగా వస్తుంది, మరుసటి రోజు జారిపోతుంది. హన్మమ్మ వంట పొయ్యి మీద పెట్టి వచ్చి కూర్చునేది. రెండు కూరలు మాడాయి. ఒకనాడు పొద్దున ఆ అయిదు పిట్టల్లో చిన్నది ఎవరూ చెప్పకుండా మొదటి నుంచి చివరి దాకా పాడి, ఆఖర్న చిక్-చిక్ అంది. హన్మమ్మ కండ్లు చెమ్మగిల్లాయి. పదిహేడో ఏట బోరింగు దగ్గర తన నోరు ఎందుకు తిరగలేదో ఆమెకు అప్పుడు అర్థమైంది. అప్పటికే తన పాట గట్టిపడిపోయింది; అంతవరకూ అది తన బద్ధకం అనుకునేది.

సంతోషి తలుపు దగ్గర నిలబడి అంతా చూస్తోంది. "అత్తమ్మా, ఇవి దాని ముందల ఎంత బుద్ధిగ కూసుంటున్నయో," అంది. ముందు గది వైపు చూసి, "రోజ నాకన్న ఫోన్ దగ్గరనే ఎక్కువుంటుంది," అంది.

"నా దగ్గర వద్దంటే వద్దు. నీ దగ్గరన్న కూసోవెట్టుకో," అని హన్మమ్మ జవాబిచ్చింది. కొంచెం కటువుగానే వచ్చింది మాట.

సంతోషి మరునాటి నుంచి చిక్కుడుకాయ తుంచేటప్పుడు పాపను ఎదురుగా కూర్చోబెట్టుకుని, కాయ చూపించి, తొడిమ చూపించి, పాప ఏదన్నా అంటే ఆగి, మళ్లీ చెప్పి, మాట్లాడడం మొదలుపెట్టింది. నానమ్మను ఆపడం కూడా మానేసింది. నెల తిరిగేసరికి రోజ అమ్మ దగ్గర "జర ఇటియ్యి", నానమ్మ దగ్గర "బ్యాడ", తాత దగ్గర ఈల. ఎవరి భాష వాళ్లకు ఇచ్చేస్తోంది. పిట్టకు ఒక్క పాటే పడుతుంది గానీ మనిషి పిల్లకు ఎన్నయినా పడతాయని సుహాసిని తర్వాత చెప్పింది.

సుహాసిని మూడు నెలలకు వచ్చింది. ఒక్కో పిట్టను వేరే పెట్టి రికార్డు చేసి, లాప్‌టాప్‌లో పాటల బొమ్మలు చూపించింది. నల్లటి గీతలు, చుక్కలు, చీమలు బారు కట్టినట్టు. పైన తండ్రిది, కింద కొడుకులవి. హన్మమ్మ కండ్లద్దాలు తుడుచుకుని చూసింది. కందుల్లో రాయిని ఏరిన కండ్లు అవి, తేడా ఉంటే దొరుకుతుంది. నాలుగు పిట్టల పాటల్లో తేడా దొరకలేదు. చిక్-చిక్ అనే చివరి రెండు చుక్కలు కూడా అట్లాగే దిగాయి. అయిదో పిట్ట పాట మధ్యలో మాత్రం ఒక చోట గరగర ఉంది.

"ఇది మొదటి నెలలో బెంగాలీ నాయిన దగ్గర విన్నది కొంచెం మిగిలింది," అంది సుహాసిని. "నాకు ఇదే అన్నిటికన్న ఎక్కువ పనికొస్తది. మొదటి ఈతవి కూడా ఇవ్వండి అవ్వా. ఒక్క తండ్రి పిల్లలే, రెండు పాటలు. నాకు ఇంతకన్న ఏం కావాలె."

తప్పు పాడాయని ఒకసారి తల పట్టుకుని, ఇప్పుడు అవే కావాలంటున్న ఆ అమ్మాయిని హన్మమ్మ ఎగాదిగా చూసింది. "సదువుకున్నోళ్లకు ఒక మాట మీద నిలవడం గొత్తిల్ల," అంది. అయినా ఇంట్లో ఉన్న రెండు ఈతల మగపిట్టలనూ జాగ్రత్తగా రెండు పంజరాల్లో సర్ది, దారిలో తాగడానికి నీళ్లు పెట్టి, బస్టాండు దాకా తనే మోసింది.

తండ్రిని తిరిగి ఇవ్వడానికి పోతే బసవరాజ్ రెండింటినీ ఉంచుకుంటానన్నాడు. పాతది ఒక పక్క, బెంగాలీది ఒక పక్క, మధ్యలో గల్లా.

ఆ తర్వాత హన్మమ్మ గుడ్లు మార్చడం మానలేదు. మార్చక తప్పదు, కొత్తగా కొన్న చారల జత కూడా మతిలేనిదే. అయితే పిల్లలు గింజలు తినడం నేర్చిన రోజే తీసి ఒక చారల మగపిట్ట పక్కన పెడుతుంది. వరండాలో ఎవరన్నా కొనడానికి వస్తే స్టూలు వేస్తుంది. మొన్న మనూర్ నుంచి ఒక పెద్దమనిషి వచ్చి, కండ్లకు ఇంపుగా ఉండే జత ఇవ్వమని, ఆటో వెళ్లిపోతుందని తొందరపెట్టాడు.

"ఆటో మావోడిదే, ఆగుతది," అంది హన్మమ్మ. "రంగు తర్వాత సూద్దువు. ముందల కూసోని ఇను."